సిఫారసు మెయిల్‌లో రాత్రి బిల్లుల సంగతి

రెండేళ్ల క్రితం మా టీమ్ వదిలి వెళ్లిన ఒకమ్మాయి ఈ మధ్య ఫోన్ చేసింది. "సార్, ఒక కంపెనీలో సపోర్ట్ లీడ్ ఉద్యోగానికి చివరి రౌండ్‌లో ఉన్నాను. పాత మేనేజర్ దగ్గర్నుంచి మెయిల్ కావాలంటున్నారు. మీరు రాస్తారా?" అంది. ఆమె పనంటే నాకు చాలా గౌరవం. సరేనని ఆ రాత్రే కూర్చుని పది నిమిషాల్లో రాసేశాను. నిజాయితీపరురాలు, బాగా కష్టపడుతుంది, వేళకు వస్తుంది, అందరితో కలిసిపోతుంది. పంపబోయే ముందు మరోసారి చదివితే గుండె కలుక్కుమంది. ఆమె పేరు తీసి మా టీమ్‌లో ఇంకెవరి పేరు పెట్టినా ఆ మెయిల్ అతికినట్టు సరిపోతుంది. పంపకుండా ఆపేశాను.

ఇలాంటి మెయిళ్లు రాయడమే కాదు, ఉద్యోగంలోకి తీసుకునేవాళ్ల వైపు కూర్చుని చదవడమూ నాకు అలవాటే. ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు, హోదా ఏమిటి అన్నవి ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లోనే ఉంటాయి. పాత మేనేజర్ మెయిల్ కోసం ఎదురుచూసేది వేరే దానికి. పనిలో చిక్కు వచ్చి పడితే ఈ మనిషి ఏం చేస్తారు? అది పక్కనుండి చూసినవాళ్లే చెప్పగలరు.

అక్కడ మామూలు మెచ్చుకోలు పనికిరాకపోవడమే కాదు, ఒక్కోసారి చేటు కూడా చేస్తుంది. బ్రిటిష్ తత్వవేత్త పాల్ గ్రైస్ 1975లో అచ్చయిన తన వ్యాసంలో దీనికి మంచి ఉదాహరణ ఇచ్చారు. తత్వశాస్త్రానికి సంబంధించిన ఉద్యోగానికి ఒక శిష్యుడు దరఖాస్తు పెట్టుకున్నాడు. అతని ఇంగ్లీషు బాగుంటుందని, తరగతులకు క్రమంగా వస్తాడని మాత్రమే గురువు రాశాడు. అందులో అబద్ధం లేదు. కానీ చదివినవాడికి మాత్రం ఈ కుర్రాడికి తత్వశాస్త్రం రాదన్నమాట అనే తోస్తుంది. అసలు విషయం తెలిసుండాల్సిన మనిషి దాన్ని వదిలేసి పక్క సంగతులు చెబితే, వదిలేసిందే పెద్దగా వినిపిస్తుంది. నా మెయిల్‌లో "వేళకు వస్తుంది" అన్న మాట చేసేది సరిగ్గా ఆ పనే.

"బాగా కష్టపడుతుంది" అన్న మాట కూడా నన్ను ఇబ్బంది పెట్టింది. ఫ్రాన్సిస్ ట్రిక్స్, కరోలిన్ సెంకా అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని ఒక పెద్ద వైద్య కళాశాలలో ఉద్యోగాలకు వచ్చిన 300కు పైగా సిఫారసు లేఖలను పరిశీలించి 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆడవాళ్ల కోసం రాసిన లేఖలు సగటున పొట్టిగా ఉన్నాయి. వాటిలో కష్టపడే గుణాన్ని పొగిడే మాటలు, అనుమానం రేకెత్తించే మాటలు మగవాళ్ల లేఖల్లో కన్నా ఎక్కువ. అది మరో దేశం, మరో వృత్తి. అయినా నా పది నిమిషాల మెయిల్‌లో ఆమె చెమట ఉంది గాని బుర్ర లేదు.

అసలు ఆమె చేసిందేమిటి? మందుల షాపుల గొలుసు ఒకదానికి మా టీమ్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసేది. షాపుల్లో కొన్ని 24 గంటలూ తెరిచే ఉండేవి. మా ప్రోగ్రామ్‌లో ఉన్న బిల్లులకీ, బ్యాంకు పంపే యూపీఐ జమల జాబితాకీ రోజూ పొద్దున్నే పోల్చి చూసేవాళ్లం. 30, 40 బిల్లులు కుదిరేవి కావు. ఒకరు కూర్చుని రెండు గంటలపాటు చేత్తో సరిచేసేవారు. ఆమె చేరకముందు నుంచీ అంతే. అది రోజువారీ పనిలో భాగమని నేను కూడా ఒప్పేసుకున్నాను.

ఆ పని ఆమె వంతుకొచ్చింది. కుదరని బిల్లును సరిచేసి వదిలేయకుండా, ఒక్కొక్కదాని షాపు, మొత్తం, టైము ఎక్సెల్ షీట్‌లో రాసుకుంటూ పోయింది. ఒకరోజు నా టేబుల్ దగ్గరికి వచ్చి షీట్ చూపించింది. దాదాపు బిల్లులన్నీ అర్ధరాత్రి 12కీ తెల్లవారుజామున 5:30కీ మధ్య పడ్డవే. "5:30 దగ్గర ఎందుకు ఆగిపోతున్నాయి సార్?" అని అడిగింది. జవాబు ఆ అంకెలోనే ఉంది. మన గడియారం గ్రీనిచ్ టైముకి అయిదున్నర గంటలు ముందుంటుంది. మా సర్వర్ బిల్లు మీద తేదీని గ్రీనిచ్ లెక్కన వేస్తోంది, బ్యాంకు మన లెక్కన వేస్తోంది. 6వ తేదీ రాత్రి ఒంటిగంటకి కొట్టిన బిల్లు మా దగ్గర 5వ తేదీ కింద పడుతోంది. డెవలపర్ చిన్న మార్పు చేశాడు. మర్నాటి నుంచి కుదరని బిల్లులు అయిదారుకి దిగాయి.

రెండోసారి రాసిన మెయిల్ దీని చుట్టూనే నడిచింది. పంపింది ఇంగ్లీషులో, సారం ఇది:

"ఈమె రెండున్నరేళ్లు నేరుగా నా కింద సపోర్ట్ ఇంజనీరుగా పనిచేశారు. రోజూ చేత్తో సరిచేస్తున్న బిల్లుల తేడాకి మూలం ఆమే కనిపెట్టారు. ఎవరూ అడగకుండానే 17 రోజుల బిల్లులు నమోదు చేసి, అవి పడుతున్న వేళను బట్టి తేదీ లెక్కలో తప్పుందని నిరూపించారు. కోడ్ మార్చింది వేరే సహోద్యోగి. రెండు గంటల పని ఇరవై నిమిషాలకి తగ్గింది. పదిమంది ఉన్న మీటింగ్‌లో ఆమె త్వరగా నోరు విప్పరు, మీటింగ్ అయ్యాక రాసి పంపుతారు. నేను ఎజెండా ముందురోజే ఇవ్వడం మొదలుపెట్టాక మీటింగ్‌లోనే మాట్లాడేవారు. సపోర్ట్ లీడ్‌గా ఆమెతో మళ్లీ పనిచేసే అవకాశం వస్తే నేను వదులుకోను. మాట్లాడాలంటే నా నంబరు కింద ఉంది."

పంపే ముందు ఆమెకి ఫోన్ చేసి సంగతులు సరిచూసుకున్నాను. నాకు మూడు వారాలని గుర్తు. "కాదు సార్, 17 రోజులే" అంది. కోడ్ ఎవరు మార్చారో కూడా ఆమే గుర్తుచేసింది. అది రాయకపోతే ఆమె చేయని పని ఆమె ఖాతాలో పడేది. రేపు ఇంటర్వ్యూలో "ఆ మార్పు ఎలా చేశారు?" అని అడిగితే ఇరుక్కునేది ఆమే. క్లయింటు పేరు, అమ్మకాల అంకెలు మాత్రం నేను రాయలేదు. అవి బయటపెట్టే హక్కు మాకు లేదు.

మీటింగ్ సంగతి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. "కాస్త అనుభవం వస్తే మంచి లీడ్ అవుతుంది" అని రాస్తే అది నీళ్లు చల్లే మాట. ఏం తక్కువో చెప్పదు, చదివినవాళ్లు తమకు తోచింది ఊహించుకుంటారు. కళ్లారా చూసిన ఒక్క ఇబ్బందిని, దానికి పనిచేసిన ఉపాయంతో సహా చెబితే కొత్త మేనేజర్‌కి మొదటిరోజు నుంచే పనికొస్తుంది. ఆమెకి ముందే చదివి వినిపించాను. "నిజమే కదా సార్, ఉంచండి" అంది.

ఇంకో చిన్న చిక్కు. మాజీ ఉద్యోగుల గురించి మేనేజర్లు ఆఫీసు మెయిల్ నుంచి అభిప్రాయాలు రాయకూడదని, వివరాలు హెచ్ఆర్ మాత్రమే చెప్పాలని చాలా కంపెనీల్లో నియమం ఉంటుంది. మా దగ్గరా ఉంది. అందుకని హెచ్ఆర్‌ని అడిగి, ఇది నా సొంత అభిప్రాయమని మొదటి వాక్యంలోనే రాసి, నా సొంత మెయిల్ నుంచి పంపాను.

మూడోరోజు ఆ కంపెనీ నుంచి ఒక మేనేజరు ఫోన్ చేశారు. ఆమె మంచిదా, నమ్మకస్తురాలా అని అడగలేదు. "ఆ 17 రోజులూ మామూలు పని వెనకబడిందా?" అని అడిగారు. లేదండీ, షీట్ నింపడానికి అరగంట ముందే వచ్చేది అని చెప్పాను. "ఆ షీట్‌లో టైము కాలమ్ పెట్టమని మీరు చెప్పారా?" అన్నారు. నేను చెప్పలేదు, ఆమెకే తట్టింది. అటువైపు కీబోర్డు చప్పుడు వినిపించింది. ఆయన రాసుకుంటున్నారు.