కార్డు ఎంత బలమైందని కాదు, ఎప్పుడు దిగుతుందన్నదే లెక్క

2014 సెప్టెంబరులో బ్లిజర్డ్ సంస్థ తన 'హార్త్‌స్టోన్' ఆటలో ఒక చిన్న కార్డు ధరను 2 నుంచి ఏకంగా 5కు పెంచింది. ఆ కార్డు పేరు 'స్టార్వింగ్ బజర్డ్'. అదేమీ ఎదుటివాణ్ని హడలెత్తించే రాక్షసి కాదు. దాని దాడి 2, ప్రాణం 1. అలాంటి బక్క పక్షికి అంత శిక్ష ఎందుకు పడిందో తెలియాలంటే ముందు మానా సంగతి చూడాలి.

హార్త్‌స్టోన్‌లో ఇద్దరు ఆటగాళ్లూ చెరో 30 కార్డుల డెక్‌తో దిగుతారు. ఎదుటి హీరోకున్న 30 ప్రాణాలను సున్నా చేసినవాడు గెలుస్తాడు. ప్రతి కార్డుకూ మానా రూపంలో ఒక ధర ఉంటుంది. మొదటి వంతులో 1 మానా, రెండో వంతులో 2, ఇలా పది దాకా పెరుగుతుంది. ఆ వంతులో వాడని మానా మురిగిపోతుంది. కాబట్టి ధర అంటే ఖర్చు ఒక్కటే కాదు, ఆ కార్డు ఏ వంతుకు ముందు బల్లమీదికి రాకూడదో చెప్పే గడియారం కూడా.

డెక్‌లో 1 మానా కార్డులెన్ని, 2 మానావి ఎన్ని అని వరసగా గీసుకుంటే వచ్చే బొమ్మనే మానా కర్వ్ అంటారు. ముందు ఆడేవారికి మొదటి వంతుకల్లా నాలుగు కార్డులు చేతికొస్తాయి. మొదట్లో కార్డులు మార్చుకునే వీలును పక్కనపెట్టి లెక్కేస్తే, డెక్‌లో 1 మానా కార్డులు రెండే ఉన్నప్పుడు వాటిలో ఒకటైనా ఆ నాలుగింట్లో ఉండే అవకాశం సుమారు 25 శాతం. అవే ఆరు ఉంటే 61 శాతం. తొందరగా కొట్టి గెలవాలనుకునేవాడు చౌక కార్డులు కుక్కేది ఇందుకే.

ఇలా కట్టిన డెక్‌ను ఆటగాళ్లు 'అగ్రో' అంటారు. దానికి పుట్టుకతోనే ఒక బలహీనత ఉంది. వంతుకు వచ్చేది ఒక్క కార్డే. చౌక కార్డులను వంతుకు రెండేసి దింపుతూపోతే నాలుగైదు వంతుల్లో చెయ్యి ఖాళీ. ఖరీదైన కార్డులతో నిదానంగా ఆడే 'కంట్రోల్' డెక్ ఆశ పెట్టుకునేది ఆ క్షణం మీదే. అప్పటిదాకా ప్రాణాలు నిలుపుకుంటే, ఆ తర్వాత ఆట దానిదే. ఒక రకం డెక్ బలహీనతే ఇంకో రకానికి బతుకుతెరువు. ఈ లంకె తెగితే అందరూ ఒకే డెక్ పట్టుకుంటారు.

బజర్డ్ తెంపింది ఆ లంకెనే. నువ్వొక మృగాన్ని దింపిన ప్రతిసారీ నీకో కార్డు ఇవ్వడం దాని గుణం. దానికి తోడు హంటర్ హీరోకు 'అన్‌లీష్ ది హౌండ్స్' అనే 3 మానా కార్డుంది. ఎదుటివాడి వైపు ఎన్ని జీవులుంటే అన్ని వేటకుక్కలను అది వదులుతుంది. ఒక్కోటి 1 దాడి, 1 ప్రాణంతో వచ్చి, దిగిన వంతులోనే కొట్టగలదు.

ఎదుట నాలుగు జీవులున్నాయనుకుందాం. ఐదో వంతులో హంటర్ 2 మానాతో బజర్డ్‌ను, మిగిలిన 3 మానాతో కుక్కలను దింపుతాడు. నాలుగు కుక్కలు వస్తాయి, వాటి వెంటే నాలుగు కార్డులు చేతికి చేరతాయి. పెట్టింది రెండు కార్డులు, దక్కింది నాలుగు. పైగా నాలుగు దెబ్బలు అదనం. ఖాళీ కావాల్సిన చెయ్యి, సరిగ్గా ఖాళీ అయ్యే వేళకే మళ్లీ నిండింది. ఎదుటివాడికి జీవులను దింపాలంటే భయం, దింపకపోతే ఓటమి.

బ్లిజర్డ్ ముందు అదే ఏడాది మేలో కుక్కల కార్డును 2 నుంచి 3కు పెంచి చూసింది. జోడీ నాలుగో వంతు నుంచి ఐదుకు జరిగిందంతే, వేట ఆగలేదు. సెప్టెంబరులో బజర్డ్ ధర 5 అయ్యేసరికి జోడీకి 8 మానా కావాల్సి వచ్చింది. ఈ మూడు వంతుల తేడా చాలా పెద్దది. అప్పట్లో మేజ్ హీరో ఏడో వంతులోనే 'ఫ్లేమ్‌స్ట్రైక్' వేసి ఎదుటి జీవులన్నిటికీ తలా 4 దెబ్బలు వేయగలిగేవాడు. అంటే హంటర్ చెయ్యి నిండే వేళకు కంట్రోల్ ఆటగాడు కోలుకుని ఉంటాడు.

ధర పెంచడం మొరటు మందు కూడా. దాడి 3, ప్రాణం 2కి మార్చినా, 5 మానాకు ఆ ఒళ్లు మరీ తక్కువ. 4 మానాకే 4 దాడి, 5 ప్రాణం ఉన్న 'చిల్‌విండ్ యెటి' దొరుకుతుంటే బజర్డ్‌ను డెక్‌లో పెట్టేదెవరు? అది దాదాపు కనుమరుగైంది.

2015 జనవరిలో 'అండర్‌టేకర్' విషయంలో వేరే దారి పట్టారు. 1 మానాకే దిగే ఈ జీవి, చచ్చేటప్పుడు ప్రభావం చూపే జీవిని మనం దింపిన ప్రతిసారీ దాడినీ ప్రాణాన్నీ ఒక్కొక్కటి పెంచుకునేది. ధర ముట్టుకోకుండా ప్రాణం పెరగడాన్ని మాత్రం తీసేశారు. దాంతో అది మొదటి వంతులోనే దిగుతుంది, దాడీ పెంచుకుంటుంది, కానీ రెండు ప్రాణాల దగ్గరే ఆగిపోతుంది. ఎదుటివాడి చేతిలో రెండు దెబ్బల చౌక కార్డు ఒక్కటి ఉన్నా చాలు, దాన్ని పడగొట్టొచ్చు. అగ్రో వేగం అగ్రోకే ఉంది, దాన్ని ఆపే అవకాశం మాత్రం ఎదుటివాడికి దక్కింది.