మార్చి 31 తర్వాత అందిన కబురు

మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. లెక్కలు మాత్రం ఆ రాత్రికి తేలవు. ఆడిటర్ సంతకం పడేసరికి మే, జూన్, ఒక్కోసారి సెప్టెంబరు కూడా వస్తుంది. ఈలోగా వ్యాపారం ఆగదు కదా! బాకీదారు చేతులెత్తేస్తాడు, గోదాము కాలిపోతుంది, పాత దావాలో తీర్పు వస్తుంది. వీటిలో ఏది పాత ఏడాది లెక్కల్లోకి ఎక్కాలో తేల్చడానికి ఆడిటర్ వేసుకునే ప్రశ్న ఒక్కటే: దీని మూలం మార్చి 31 నాటికే ఉందా?

గుంటూరులో మిర్చి వ్యాపారం చేసే ఒక కంపెనీని ఊహించుకుందాం. ఏడాది చివరికి ఒక కొనుగోలుదారు నుంచి 60 లక్షల రూపాయలు రావాలి. ఏప్రిల్ 20న అతను దివాలా తీశాడు. “అది ఏప్రిల్‌లో జరిగింది కదండీ, వచ్చే ఏడాది రాసుకుందాం” అంటారు యజమాని. ఆడిటర్ లెడ్జరు తిరగేస్తే డిసెంబరు బిల్లులకే డబ్బు రాలేదని, ఫిబ్రవరిలో ఇచ్చిన చెక్కు బౌన్స్ అయిందని కనిపిస్తుంది. అంటే కబురు ఏప్రిల్‌లో అందినా, బాకీ మునగడం అంతకుముందే మొదలైంది. కాబట్టి ఇక రాదని తేలిన మేరకు ఈ ఏడాది లాభంలోంచే తగ్గించాలి.

అదే కొనుగోలుదారు మార్చి దాకా ఠంచనుగా చెల్లిస్తూ వచ్చాడనుకోండి. ఏప్రిల్ 18న అతని మిల్లు కాలిపోయింది, బీమా లేదు. అప్పుడూ 60 లక్షలు పోయినట్టే. అయినా మార్చి 31న ఆ బాకీ వసూలయ్యేదే కాబట్టి అంకె మారదు. నష్టం పెద్దదైతే ఏం జరిగిందో, ఎంత పోవచ్చో లెక్కల కింద వివరంగా చెప్పాలి. పోయిన సొమ్ము ఒకటే అయినా, పోయిన కారణాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. ఆడిటర్‌కూ యజమానికీ వాదనలు నడిచేది ఎక్కువగా ఇక్కడే.

సరుకు విషయంలోనూ ఇంతే. మార్చి నిల్వను ఏప్రిల్‌లో కొన్నధర కంటే తక్కువకు అమ్మితే, దాని విలువ అప్పటికే పడిపోయిందనడానికి అది మంచి సాక్ష్యం. కానీ ధర ఏప్రిల్‌లో వచ్చిన కొత్త కారణంతో పడిపోయి ఉంటే ఆ సాక్ష్యం చెల్లదు. కంపెనీ సొంత గోదామే ఏప్రిల్ 28న కాలిపోతే మార్చి నిల్వ అంకె అలాగే ఉంటుంది. అయితే ఆ దెబ్బకు కంపెనీ ఇక నడవదని తేలితే మినహాయింపు ఉంది. నడిచే సంస్థగా భావించి లెక్కలు రాయడమే కుదరదు, మొత్తం మరో పద్ధతిలో రాయాలి.

ఈ సూత్రానికి పెద్ద పరీక్ష కోవిడ్ రూపంలో వచ్చింది. వూహాన్‌లో అంతుచిక్కని న్యుమోనియా కేసుల సంగతి ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలిసింది 2019 డిసెంబరు 31న. సరిగ్గా ఆ రోజే చాలా దేశాల కంపెనీల ఏడాది ముగిసింది. ఆ రోజుకు వ్యాపారాలను కుదిపేసే పరిస్థితి లేదు కాబట్టి, తర్వాతి నష్టాలను ఆ లెక్కల్లో కలపకుండా వివరిస్తే చాలని సాధారణంగా భావించారు. మన కంపెనీలకు ఆ వెసులుబాటు లేదు. 2020 మార్చి 25 నుంచే దేశమంతా లాక్‌డౌన్. మార్చి 31 నాటికి దుకాణాలు మూతబడే ఉన్నాయి. అందుకే ఏప్రిల్, మే నెలల్లో తెలిసిన రాని బాకీలను, పడిపోయిన సరుకు విలువలను ఆ ఏడాది అంకెల్లోనే లెక్కగట్టాల్సి వచ్చింది.

ఇవన్నీ ఆడిటర్‌కు ఎవరూ వచ్చి చెప్పరు. ఎస్ఏ 560 అనే ఆడిట్ ప్రమాణం ప్రకారం నివేదిక తేదీ దాకా ఆయనే వెతుక్కోవాలి. ఏడాది తర్వాత జరిగిన బోర్డు సమావేశాల మినిట్స్ చదువుతారు, లాయర్ల ద్వారా దావాల సంగతి ఆరా తీస్తారు. ఏప్రిల్, మే బ్యాంకు స్టేట్‌మెంట్లు చూస్తారు. మార్చి అమ్మకాలకు ఏప్రిల్‌లో క్రెడిట్ నోట్లు వరుసగా వెళ్లాయంటే, ఏడాది చివర్లో అమ్మకాలు ఉబ్బించి చూపారేమోనని అనుమానించాలి. ఏప్రిల్‌లో కట్టిన బిల్లులు మార్చి ఖర్చుకు సంబంధించినవైతే అవి పాత లెక్కల్లో ఉన్నాయో లేదో సరిచూడాలి. చెప్పాల్సినవన్నీ చెప్పామని యాజమాన్యం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ కాగితం ఉందని మిగతా తనిఖీలు మానేయడానికి లేదు.

సంతకం అయ్యాక వెతికే బాధ్యత ఉండదు. అయితే ముందే తెలిసి ఉంటే నివేదిక మార్చాల్సి వచ్చేదనిపించే సంగతి చెవిన పడితే ఊరుకోకూడదు. యాజమాన్యంతో మాట్లాడాలి. లెక్కలు సవరిస్తే తనిఖీని కొత్త తేదీ దాకా పొడిగించి మరో నివేదిక ఇవ్వాలి. లెక్కలు బయటికి వెళ్లిపోయాక కూడా యాజమాన్యం సవరణకు ఒప్పుకోకపోతే, తన నివేదికను ఎవరూ నమ్ముకోకుండా ఆపే ప్రయత్నం చేస్తానని ముందుగా యాజమాన్యానికి తెలియజేసి, ఆ పని మొదలుపెట్టాలి.