సైట్ సూపర్‌వైజర్ కావలెను, రూమ్ ఇవ్వబడును

“సైట్ సూపర్‌వైజర్ కావలెను. ఎక్స్‌పీరియన్స్ తప్పనిసరి. లొకేషన్ హైదరాబాద్. మంచి జీతం. రూమ్ ఇవ్వబడును.”

సివిల్ డిప్లొమా చేసిన కుర్రాళ్ల వాట్సాప్‌లో ఇలాంటి మెసేజ్‌లకు కొదవ లేదు. చిన్న బిల్డర్లు పేపర్లో ప్రకటన ఇచ్చే ఖర్చు పెట్టుకోరు. పాలిటెక్నిక్ బ్యాచ్ గ్రూపుల్లోనో, మేస్త్రీల గ్రూపుల్లోనో ఒకటి పడేసి ఫోన్ కోసం చూస్తారు. అనుభవం, ఊరు, జీతం, బస అని నాలుగు సంగతులూ ఇందులో చెప్పినట్టే ఉంటాయి. కానీ చదివినవాడికి తెలిసేది ఎక్కడో ఒక బిల్డింగు లేస్తోందన్న మాటే. అందుకే రోడ్డు పనులు చేసినవాడి నుంచి నిన్న పరీక్ష రాసి వచ్చినవాడి దాకా అందరూ ఫోన్ చేస్తారు, కావలసినవాడు మాత్రం చేయడు.

ముందు సంస్థ ఎలా ఉంటుందో చూద్దాం. నగరం అంచున, మేడ్చల్ వైపు అనుకోండి, స్టిల్ట్ పార్కింగ్ మీద ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ కడుతున్న చిన్న బిల్డర్. ఓనరు, అకౌంట్లు చూసే ఒక మనిషి, రెండు మూడు సైట్లు తిరిగే ఒక ఇంజనీరు, అంతే. సెంట్రింగ్, రాడ్ బెండింగ్, తాపీ, ప్లంబింగ్ అన్నీ మేస్త్రీలకు కాంట్రాక్టు. పెద్ద కంపెనీలో స్టోర్ కీపర్ వేరు, నాణ్యత చూసే ఇంజనీరు వేరు, గేటు దగ్గర సెక్యూరిటీ వేరు. ఇక్కడ ఆ పనులన్నీ సూపర్‌వైజర్ మీదే పడతాయి. వచ్చిన సిమెంటు బస్తాలు లెక్కపెట్టి రిజిస్టర్లో రాయడం, కూలీల హాజరు వేసుకోవడం, మేస్త్రీ బిల్లుకు కొలతలు తీయడం, సాయంత్రానికి ఓనరుకు ఫొటోలు పంపడం అన్నీ ఆయనే చూసుకోవాలి. కాబట్టి మెసేజ్‌లో జీతం ఎంత అన్నది మిగతా మూడూ తెలిస్తే గానీ అర్థం కాదు.

అనుభవం దగ్గర మొదలుపెడదాం. “2 నుంచి 3 ఏళ్లు” అని రాస్తే చాలదు. ఏ పనిలో అన్నది కావాలి. బిల్డింగు పని రెండు భాగాలు. పునాది నుంచి ఆఖరి శ్లాబు దాకా స్ట్రక్చర్, ఆ తర్వాత ప్లాస్టరింగ్, టైల్స్, రంగులతో ఫినిషింగ్. మూడేళ్లూ ఫినిషింగ్‌లోనే గడిపినవాడికి బాత్రూమ్ టైలు వాలు ఎటు ఉండాలో క్షుణ్ణంగా తెలుస్తుంది గానీ, శ్లాబు వేసే ముందు రోజు రాత్రి ఏం చూసుకోవాలో తెలియకపోవచ్చు. కడ్డీల కింద కవర్ బ్లాకులు సరిగా పెట్టారా, కరెంటు పైపులు డ్రాయింగ్ ప్రకారం వచ్చాయా, బాత్రూమ్ దగ్గర శ్లాబు కిందికి దించారా, సపోర్టులు మెత్తటి మట్టి మీద నిలబడ్డాయా అన్నవి కాంక్రీటు పడ్డాక చూసి లాభం లేదు.

ఇంటర్వ్యూలో అనుభవం తేల్చడానికి సర్టిఫికెట్ల కన్నా రెండు ప్రశ్నలు మేలు. మొదటిది ఇనుము లెక్క. 12 మిల్లీమీటర్ల కడ్డీలు, ఒక్కోటి 12 మీటర్ల పొడవువి, 200 వచ్చాయి. బరువెంత ఉండాలి? సైట్లో పనిచేసినవాడు కడ్డీ వ్యాసాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తాడు. మీటరుకు 0.89 కిలోలు, కడ్డీకి సుమారు 10.67 కిలోలు, మొత్తం సుమారు 2,133 కిలోలు. ఈ సైజు కడ్డీలో 5 శాతం దాకా తేడాను భారతీయ ప్రమాణం ఒప్పుకుంటుంది, అంటే వంద కిలోలు అటూ ఇటూ. కడ్డీలు 200కు 200 ఉండి వేబ్రిడ్జి చీటీ 2,400 చూపిస్తే లారీ దించకముందే అడగాలి. ఈ లెక్క రానివాడికి ఇనుము రిజిస్టరు అప్పగించడమంటే ఓనరు తన జేబు తెరిచి పెట్టుకోవడమే.

రెండోది సపోర్టుల ప్రశ్న. శ్లాబు వేసిన ఆరో రోజున సెంట్రింగ్ మేస్త్రీ వచ్చి, సామాను ఇంకో సైటుకు కావాలి, జాకీలు తీసేస్తానంటాడు. ఏం చెబుతావు? మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుతో వేసిన శ్లాబుకు, 4.5 మీటర్ల లోపు స్పాన్ అయితే కనీసం 7 రోజులు, దాటితే 14 రోజులు సపోర్టులు ఉంచాలని ఐఎస్ 456 చెబుతుంది. బీములకు ఇంకా ఎక్కువ. ఫ్లైయాష్ కలిసిన సిమెంటు మెల్లగా గట్టిపడుతుంది కాబట్టి ఇంజనీరును అడిగి ఇంకొన్నాళ్లు ఆగాలి. ఈ రోజుల సంఖ్య పుస్తకం చదివినవాడూ చెబుతాడు. వయసులో తనకన్నా ఇరవై ఏళ్లు పెద్దవాడైన మేస్త్రీని “మేస్త్రీ గారూ, ఇంజనీరు సారు సంతకం లేకుండా ఒక్క జాకీ కదలకూడదు” అని మర్యాదగా ఆపగలడా అన్నది అసలు పరీక్ష. ఆపిన అనుభవం ఉన్నవాడు జవాబులో మేస్త్రీతో జరిగే వాదన కూడా చెబుతాడు.

లొకేషన్ సంగతి చిన్నదే. “హైదరాబాద్” అంటే శంకర్‌పల్లీ హైదరాబాదే, ఘట్‌కేసరూ హైదరాబాదే. ఊరి ఈ చివర గది తీసుకుని ఆ చివర సైటుకు పోయేవాడు నెల తిరక్కముందే మానేస్తాడు. సైటు ఉన్న కాలనీ లేదా గ్రామం పేరు, దగ్గరలోని బస్‌స్టాప్ రాయాలి. ఈ సైటు పూర్తయ్యాక ఎక్కడికి పంపుతారో కూడా చెప్పాలి. రెండు సైట్లు చూడాలంటే పెట్రోలు ఎవరిదో మెసేజ్‌లోనే తేలిపోవాలి.

ఇక రూమ్. మెసేజ్‌లో కానుకలా వినిపించే మాట ఇదే, పేచీలన్నీ దీని చుట్టూనే. చిన్న సైట్లో రూమ్ అంటే చాలాసార్లు సెల్లార్లోనో, పూర్తికాని మొదటి అంతస్తులోనో తలుపు బిగించిన ఒక గది. పక్కన సిమెంటు బస్తాలు, ఒక మూల ఎలక్ట్రీషియన్ వైర్ల కట్టలు. ఫ్యాన్ ఉంటుంది, టాయిలెట్ కూలీలతో కలిపి ఉంటుంది. బిల్డింగు పైకి లేచేకొద్దీ గది కూడా కింది నుంచి పైకి మారుతుంది. ఈ గదికి అద్దె లేదు నిజమే. అద్దె బదులు ఇంకొకటి ఉంది.

నగరంలో పగలు భారీ వాహనాలు తిరగడానికి ఆంక్షలున్నాయి. అందుకే ఇసుక, కంకర, ఇనుము లోడ్లు ఎక్కువగా రాత్రిపూట వస్తాయి. పదకొండు గంటలకు హారన్ కొడితే గేటు తీసేది గదిలో పడుకున్నవాడే. బండి చుట్టూ తిరిగి ఇసుక ఎత్తు కొలవాలి, బాగా తడిగా ఉందా చూడాలి, ఎందుకంటే తడి ఇసుక ఉబ్బి ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. చీటీ మీద సంతకం పెట్టాలి. శ్లాబు రోజయితే ఇక రాత్రీ పగలూ లేదు. కాంక్రీటు మొదలుపెట్టాక మధ్యలో ఆపితే పాత పొరకూ కొత్త పొరకూ అతుకు సరిగా పడదు, తర్వాత అక్కడే నీరు కారుతుంది. రెడీమిక్స్ బండి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా ఆయన అక్కడే ఉండాలి. మర్నాడు పొద్దున్నే శ్లాబు మీద మడులు కట్టించి నీళ్లు నింపించాలి. అంటే ఆ గది సూపర్‌వైజర్‌కు బస, ఓనరుకు జీతం లేని వాచ్‌మన్. ఇందులో తప్పేమీ లేదంటాను నేను, ముందే చెప్పి, రాత్రి లోడుకు ఇంత అని ఇస్తే. చెప్పకపోతే మాత్రం అది జీతంలో దొంగచాటు కోత.

ఇప్పుడు జీతం లెక్కకు వద్దాం. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే కుర్రాడికి రెండు మెసేజ్‌లు అందాయనుకుందాం. అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవే. మొదటిదాంట్లో 25,000, రూమ్ లేదు, రెండు సైట్లు. షేరింగ్ గదికి 4,000, మెస్‌కు 5,000, పెట్రోలుకు 2,500 పోతే 13,500 మిగులుతుంది. రెండోదాంట్లో 20,000, సైట్లోనే గది, ఒకటే సైటు. తనే వండుకుంటే 3,500 ఖర్చు, మిగిలేది 16,500. పైకి ఐదు వేలు తక్కువ కనబడ్డ జీతమే చేతిలో మూడు వేలు ఎక్కువ మిగిల్చింది. కానీ నెలకు పది రాత్రులు రెండేసి గంటలు లోడ్లు దించుకుంటే, ఆ మూడు వేలు ఇరవై గంటల నిద్ర ఖరీదు. గంటకు 150 రూపాయలు. ఒంటరి కుర్రాడికి అది గిట్టుబాటు కావచ్చు. భార్యాబిడ్డలున్నవాడికి ఆ గది ఎలాగూ పనికిరాదు, అతను 25,000 వైపే చూడాలి. మెసేజ్‌లో “బ్యాచిలర్ రూమ్” అన్న ఒక్క మాట ఉంటే సగం ఫోన్లు తగ్గుతాయి.

పీఎఫ్ కోత కూడా అడిగి తెలుసుకోవాలి. 15,000 మీద లెక్కగడితే ఉద్యోగి వాటా 12 శాతం, అంటే 1,800. ఆ డబ్బు అతని ఖాతాలోకే పోతుంది కాబట్టి నష్టం లేదు, కాకపోతే ఇంటికి పంపే డబ్బు ఆ మేరకు తగ్గుతుంది. సంస్థ కట్టాల్సిన వాటాను కూడా చెప్పిన జీతంలోంచే తీస్తున్నారేమో చూసుకోవాలి. “చేతికి ఎంత” అని అడిగితే రెండూ తేలిపోతాయి.

ఇవన్నీ పెట్టి అదే మెసేజ్‌ను రాస్తే ఇలా ఉంటుంది:

“గుండ్లపోచంపల్లిలో స్టిల్ట్ + 5 అంతస్తుల అపార్ట్‌మెంట్‌కు సైట్ సూపర్‌వైజర్ కావాలి. ఇప్పుడు రెండో శ్లాబు నడుస్తోంది. సివిల్ డిప్లొమా లేదా ఐటీఐ, కనీసం రెండు బిల్డింగులకు స్ట్రక్చర్ పని చూసి ఉండాలి. డ్రాయింగ్ చదవడం, ఇనుము లెక్క, స్టాక్ రిజిస్టర్ రావాలి. ఉదయం 8 నుంచి సాయంత్రం 6.30, ఆదివారం సెలవు, శ్లాబు రోజు ఆలస్యమవుతుంది. జీతం చేతికి 20,000, ప్రతి నెలా 7వ తేదీన. సైట్లో ఒక్కరికి గది, కరెంటు, నీళ్లు ఉచితం, భోజనం సొంతం. రాత్రి లోడు దించుకుంటే బండికి 200. ఇంజనీరు వారానికి మూడు రోజులు వస్తారు.”

చివరి వాక్యం చాలామంది ఓనర్లు రాయరు. సూపర్‌వైజర్‌కు మాత్రం అదే ముఖ్యం. ఇంజనీరు ఎప్పుడు వస్తాడో తెలిస్తే, డ్రాయింగ్‌లో అనుమానం వచ్చినప్పుడు తన మీద వేసుకోవాలా, ఆగాలా అన్నది తెలుస్తుంది.

ఇంత వివరంగా ఏ బిల్డరూ రాయకపోతే, ఫోన్‌లో అడిగినవన్నీ చేరేవాడే వాట్సాప్‌లో తిరిగి రాసి పెట్టాలి. “నమస్తే సార్, ఫోన్‌లో అనుకున్నట్టు జీతం 20,000, గది ఉచితం, రాత్రి బండికి 200, సోమవారం చేరుతున్నాను” అని పంపి, సరేనన్న జవాబు వచ్చాకే బస్సెక్కాలి. మొదటి నెలలో పదిహేను రోజుల జీతం ఆపి ఉంచుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. మధ్యలో మానేస్తే ఆ డబ్బు ఇస్తారా, ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నది కూడా ఆ మెసేజ్‌లోనే చేర్చాలి. ఇక ఉద్యోగం ఇప్పిస్తామంటూ రిజిస్ట్రేషన్‌కనో, యూనిఫాంకనో ముందుగా డబ్బు అడిగే నంబరుకు ఈ మెసేజ్ కూడా పంపనక్కర్లేదు. అక్కడ సైటే ఉండదు.