వచ్చారని తెలుసు, వచ్చిందెప్పుడో చెప్పండి

చైనాలో హోటల్లో కాకుండా వేరే చోట దిగిన విదేశీయులు 24 గంటల్లోగా స్థానిక పోలీసు స్టేషన్లో తమ బస వివరాలు నమోదు చేయించుకోవాలి. 2013 జూలై నుంచి అమల్లో ఉన్న చట్టం చెప్పే మాట ఇది. చదువు కోసం వెళ్లి అద్దె గదిలో దిగిన ఒక విద్యార్థి పాస్‌పోర్టు పట్టుకుని ఆ కౌంటరు ముందు నిలబడ్డాడనుకుందాం. అవతలి ఉద్యోగి మాండరిన్‌లో అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఇలా ఉంటుంది: ‘ని షి షెన్‌మ షిహొవ్ లాయ్ ద?’

‘ని’ అంటే నువ్వు. ‘షెన్‌మ షిహొవ్’ అంటే ఎప్పుడు. ‘లాయ్’ అంటే రావడం. వీటికి అటు ‘షి’, ఇటు ‘ద’ కాపలా ఉన్నాయి. మాండరిన్ నేర్చుకునేవాళ్లకు తొలి రోజుల్లోనే ఎదురై, ఏళ్ల తరబడి తికమకపెట్టే వాక్యనిర్మాణం ఇదే. చార్లెస్ లీ, సాండ్రా థాంప్సన్ 1981లో వెలువరించిన ప్రసిద్ధ మాండరిన్ వ్యాకరణంలో దీని గురించి చర్చ ఉంది. (ఉచ్చారణ గురించి ఒక్క మాట. ‘షి’ని నాలుక కాస్త వెనక్కి మడిచి, గొంతును పై నుంచి కిందికి దించుతూ పలకాలి. ‘ద’ను తేలిగ్గా, చివర్లో రాల్చేసినట్టు పలకాలి. రోమన్ లిపిలో దాన్ని ‘డి’ అక్షరంతో రాస్తారు గానీ, మన చెవికి అది ‘త’కు దగ్గరగా వినిపిస్తుంది.)

పాఠ్యపుస్తకాలు దీన్ని ‘నొక్కి చెప్పే నిర్మాణం’ అని పరిచయం చేస్తాయి. జరిగిపోయిన పని తాలూకు కాలాన్నో, చోటునో, తీరునో నొక్కి చెప్పడానికి వాడతారని రాస్తాయి. అందులో తప్పు లేదు. కానీ ఆ పేరు విన్న విద్యార్థి, నొక్కి చెప్పాల్సిన అవసరం పడినప్పుడు వాడదాంలే, మామూలుగా అయితే అక్కర్లేదు అనుకుంటాడు. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఎందుకంటే జరిగిందని ఇద్దరికీ తెలిసిన పని గురించి ఎప్పుడు, ఎక్కడ, ఎలా, ఎవరితో అని ఆరా తీయడానికి మాండరిన్‌లో ఇదే మామూలు పద్ధతి. ఇందులో గొంతు పెంచడం గానీ, వాదన గానీ ఏమీ లేదు.

ఫోన్‌లో జరిగే చిన్న సంభాషణ చూడండి. కొడుకు బేజింగ్‌లో విమానం దిగి ఇంటికి ఫోన్ చేశాడు. ‘దావ్ ల’ అన్నాడు, అంటే చేరాను అని. ‘ల’ అనేది పని జరిగిందని కొత్తగా కబురు చెప్పే ముక్క. చేరాడన్న సంగతి తల్లికి ఇప్పుడే తెలిసింది. ఆమె వెంటనే అడిగే ప్రశ్నలో మాత్రం ‘ల’ ఉండదు: ‘షెన్‌మ షిహొవ్ దావ్ ద?’ ఎప్పుడు చేరావు అని. ఒక్క క్షణంలో ‘ల’ పోయి ‘ద’ వచ్చింది. కబురుకు ‘ల’, తెలిసిన కబురు తాలూకు వివరానికి ‘ద’. ఈ ఒక్క తేడా పట్టుబడితే మిగతాదంతా దాని వెంటే వస్తుంది.

ఇప్పుడు మళ్లీ కౌంటరు దగ్గరికి వద్దాం. మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు కాబట్టి, అతను వచ్చాడన్న విషయంలో అనుమానం లేదు. తెలియాల్సింది ఎప్పుడన్నదే. దానికి విద్యార్థి ‘వొ జువోతియెన్ లాయ్ ల’ అని జవాబిస్తే, ‘జువోతియెన్’ అంటే నిన్న కాబట్టి, సంగతి అర్థమవుతుంది. కానీ చైనావాళ్ల చెవికి అది ‘నిన్న నేను వచ్చాను’ అని విడిగా ఒక కబురు చెబుతున్నట్టు, నిన్న హాజరు వేయించుకున్నట్టు ఉంటుంది. అడిగినదానికి సూటిగా అతికే జవాబు ‘వొ షి జువోతియెన్ లాయ్ ద’. మామూలు మాటల్లో ముందున్న ‘షి’ని వదిలేసి ‘జువోతియెన్ లాయ్ ద’ అన్నా చాలు. ‘ద’ను మాత్రం వదలకూడదు. అది లేకపోతే వాక్యం సగంలో తెగినట్టుంటుంది.

ప్రశ్నలు ముందుకు సాగుతాయి. దేనిలో వచ్చావు అంటే ‘జువో ఫెయ్‌జీ లాయ్ ద’, విమానంలో. ఎవరితో వచ్చావు అని ‘గెన్ షెయ్ లాయ్ ద?’ అంటే, ‘ఈ గ రెన్ లాయ్ ద’, ఒంటరిగా. చూశారా, ‘లాయ్ ద’ ప్రతిసారీ కదలకుండా నిలబడి ఉంది, దాని ముందున్న ముక్క మాత్రమే మారుతోంది. తెలిసిన విషయం అచ్చంగా అలాగే ఉంటుంది, తెలియని ముక్క వచ్చి ‘షి’ పక్కన కూర్చుంటుంది.

తెలుగువాళ్లకు ఇది నిజానికి పరాయి పద్ధతి కాదు. ‘నేను వచ్చింది నిన్న’, ‘వచ్చింది విమానంలో’, ‘టికెట్ కొన్నది నాన్న’ అని మనం రోజూ అంటూనే ఉంటాం. ‘నేను’ పక్కన ‘వచ్చాను’ ఉండాల్సిన చోట ‘వచ్చింది’ ఎలా వచ్చిందో గమనించండి. అది ఆమె వచ్చింది అనే క్రియ కాదు, ‘వచ్చినది’కి వాడుక రూపం. ‘వచ్చిన’కు ‘ది’ చేర్చి క్రియను నామంగా మార్చేశాం. మాండరిన్ ‘ద’ చేసే పని కూడా సరిగ్గా అదే. ‘జువోతియెన్ లాయ్ ద’ అనే మూడు ముక్కల్ని విడిగా తీస్తే, నిన్న వచ్చినది లేదా నిన్న వచ్చినవాడు అనే అర్థం కూడా వస్తుంది. ఇక ‘షి’ అంటే ‘అవును, అది’ అని రెండు పక్కల్ని కలిపే మాట. రెండు భాషలకూ చుట్టరికం లేకపోయినా, క్రియను నామంగా మార్చి, తెలియని ముక్కను వేరు చేసి చూపించే ఉపాయం రెండింటికీ తట్టింది. తేడా ఏమిటంటే, మనం ఆ ముక్కను వాక్యం చివరికి జరుపుతాం. మాండరిన్ దాన్ని ఉన్నచోటే ఉంచి, ముందు ‘షి’ పెడుతుంది.

ఈ పోలిక బాగా అక్కరకొచ్చేది కాదనడంలో. ఉద్యోగి కాగితం చూసి ‘ని షి జువోతియెన్ లాయ్ ద మా?’ అన్నాడు, నిన్న వచ్చావా అని. విద్యార్థి వచ్చింది ఇవాళ పొద్దున. 24 గంటల లెక్క ఉంది కాబట్టి ఈ తేడా అతనికి ముఖ్యం. జరిగిపోయిన పనిని కాదనడానికి ‘మెయ్’ వాడాలని క్లాసులో నేర్చుకున్నాడు గనక ‘వొ జువోతియెన్ మెయ్ లాయ్’ అనేస్తాడు. దాని అర్థం ‘నేను నిన్న రాలేదు’. అసలు వచ్చాడో లేదో, వస్తే ఎప్పుడో ఆ వాక్యం చెప్పదు. అతను చెప్పాల్సింది ‘బు షి జువోతియెన్ లాయ్ ద, షి జిన్‌తియెన్ జావ్‌షాంగ్ లాయ్ ద’: వచ్చింది నిన్న కాదు, ఇవాళ పొద్దున. రాక అలాగే ఉంది, రోజు మాత్రమే మారింది. మనకు ‘రాలేదు’, ‘వచ్చింది నిన్న కాదు’ అనే రెండు వేర్వేరు మాటలున్నాయి. ‘లేదు’ ఉన్నచోట ‘మెయ్’, ‘కాదు’ ఉన్నచోట ‘బు షి’. ఇంగ్లీషు మీదుగా మాండరిన్ నేర్చుకునేవాళ్లకు ఈ రెండూ ఒకే ‘నాట్’లో కలిసిపోయి కనిపిస్తాయి. తెలుగు మీదుగా వెళ్తే దారి మొదట్లోనే విడిపోయి ఉంటుంది. మామూలు వాక్యంలో ‘షి’ని వదిలేయవచ్చన్నానే, ఈ ‘బు షి’లో మాత్రం అది పోకూడదు.

కర్మపదం ఉన్న వాక్యాలకు వస్తే ‘ద’ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వస్తుంది. ‘చైనీస్ ఎక్కడ నేర్చుకున్నావు?’ అనడానికి ‘ని షి జాయ్ నార్ శ్వే జోంగ్‌వెన్ ద?’ అనవచ్చు. ‘శ్వే’ నేర్చుకోవడం, ‘జోంగ్‌వెన్’ చైనీస్ భాష. కానీ బేజింగ్ చుట్టుపక్కల ఎక్కువగా వినిపించేది ‘ద’ను ముందుకు లాగి ‘ని షి జాయ్ నార్ శ్వే ద జోంగ్‌వెన్?’ అనడం. రెండూ ఒప్పే. కర్మ స్థానంలో అతన్ని, ఆమెను అనే సర్వనామం ఉంటే మాత్రం ‘ద’ చివరే ఉండాలి. బేజింగ్‌లో అతనితో పరిచయమైంది అనడానికి ‘వొ షి జాయ్ బేజింగ్ రెన్‌షి తా ద’ అంటారు, ‘రెన్‌షి ద తా’ అనరు.

‘ద’ను ముందుకు లాగడంలో ఒక చిన్న చిక్కు ఉంది. ‘షి’ కూడా జారిపోయి ‘జువోతియెన్ మాయ్ ద పియావ్’ అని మిగిలిందనుకోండి. ‘మాయ్’ కొనడం, ‘పియావ్’ టికెట్. ఇది ‘టికెట్ కొన్నది నిన్న’ కావచ్చు, ‘నిన్న కొన్న టికెట్’ అనే ఉత్త పదబంధమూ కావచ్చు. విశేషణ వాక్యాన్ని నామానికి అతికించేది కూడా ఇదే ‘ద’ మరి. ముందు అడిగిన ప్రశ్నను బట్టి తేల్చుకోవాలి. ఎప్పుడు కొన్నావని అడిగి ఉంటే మొదటి అర్థం, ఏ టికెట్ అని అడిగి ఉంటే రెండోది.

కొత్తవాళ్లు చేసే పొరపాట్లలో తరచుగా కనిపించేది ‘ల’నూ ‘ద’నూ ఒకే క్రియకు తగిలించడం. ‘వొ షి జువోతియెన్ లాయ్ ల ద’ అనే వాక్యం మాండరిన్‌లో లేదు. ‘ద’ ఉందంటే పని ఇదివరకే జరిగిపోయిందన్న అర్థం అందులోనే ఉంది, మళ్లీ ‘ల’తో చెప్పక్కర్లేదు. మన తెలుగు అలవాటు వల్ల జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. మనం ‘ఆయన వచ్చేది రేపు’ అని కూడా అంటాం. ఆ ధీమాతో రేపటి రాకకు ‘తా షి మింగ్‌తియెన్ లాయ్ ద’ అంటే కుదరదు. కాలం, చోటు, తీరు చెప్పే ఈ ‘షి... ద’ జరిగిపోయిన పనికే చెల్లుతుంది. రేపటి రాకకు ‘తా మింగ్‌తియెన్ లాయ్’ చాలు. ‘తా షి హుయ్ లాయ్ ద’ అని భవిష్యత్తు గురించి వినబడితే కంగారు పడొద్దు. అది ‘అతను తప్పకుండా వస్తాడు’ అని భరోసా ఇచ్చే మరో వాడుక. పైకి ఇదే వేషం, పని మాత్రం వేరు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ‘ఎప్పుడు వచ్చారు?’ అంటే ‘నిన్న వచ్చాను’ అని తెలుగులో నిక్షేపంగా చెప్పవచ్చు, ‘వచ్చింది నిన్న’ అనే తీరాలని లేదు. మాండరిన్‌లో ఆ వెసులుబాటు దాదాపు లేదు. అందుకే మనవాళ్లకు నిర్మాణం చప్పున అర్థమైనా, నోటికి మాత్రం ‘ల’యే ముందు వస్తుంది.

కాబట్టి మాండరిన్ నేర్చుకుంటున్నవారు నోరు విప్పే ముందు వాక్యాన్ని ఇంగ్లీషులో కట్టుకోకుండా తెలుగులో కట్టి చూసుకోండి. ‘వచ్చింది నిన్న’, ‘కొన్నది నాన్న’, ‘నేర్చుకున్నది హైదరాబాద్‌లో’ అన్న రూపంలోకి ఇబ్బంది లేకుండా మారిందా, జరిగిపోయిన పనేనా? రెండింటికీ అవునని వస్తే ‘ల’ను పక్కన పెట్టి ‘షి... ద’తో చెప్పండి.