అనునాదం దగ్గర పావు ఊపు ఆలస్యం

స్ప్రింగుకు ఒక బరువు వేలాడదీసి, పైకొసను చేత్తో పట్టుకుని కిందికీ పైకీ ఆడిస్తే, కాసేపటికి బరువు కూడా చేతి లయలోనే ఊగుతుంది. లయ ఒకటే అయినా రెండూ ఒకే క్షణంలో పైకి చేరవు. చేతి కన్నా బరువు ఎంతో కొంత వెనకబడుతుంది. ఈ వెనకబాటే దశా విలంబం. ఒక పూర్తి ఊపును 360 డిగ్రీలుగా లెక్కిస్తారు కాబట్టి పావు ఊపు ఆలస్యమంటే 90 డిగ్రీలు.

బరువు ఒక కిలో అనుకుందాం. మీటరు సాగడానికి 158 న్యూటన్ల బలం అడిగే స్ప్రింగైతే ఆ జంట సహజ పౌనఃపున్యం 2 హెర్ట్జ్, అంటే సెకనుకు రెండు ఊపులు. బరువును చుట్టుపక్కల గాలో నూనో కొంత అడ్డుకుంటుంది. ఆ నిరోధం వల్ల అనునాదంలో బరువు కదలిక చేతి కదలికకు పదింతలయ్యాక ఇక పెరగదనుకుందాం. ఇప్పుడు చేతిని సెకనుకు ఒక్కసారి ఆడిస్తే బరువు వెనకబాటు 4 డిగ్రీలే. కంటికి రెండూ కలిసి కదులుతున్నట్టే ఉంటుంది. 1.9 హెర్ట్జ్ దగ్గర అది 44 డిగ్రీలవుతుంది, 2 దగ్గర 90, 2.1 దగ్గర 134. సెకనుకు నాలుగు ఊపులకు చేరేసరికి 176. చేయి పైకి పోతుంటే బరువు కిందికి దిగుతుంటుంది. మార్పులో సగం సహజ పౌనఃపున్యానికి అటూ ఇటూ ఉన్న ఆ ఇరుకు సందులోనే జరిగిపోతుంది. నిరోధం పెంచితే ఆ సందు వెడల్పవుతుంది గానీ, 2 హెర్ట్జ్ దగ్గరి 90 మాత్రం కదలదు.

ఆ కదలకపోవడానికి కారణం బలాల లెక్కలో ఉంది. ఊగే వస్తువు చివరంచుకు చేరి వెనక్కి తిరగాలంటే దాన్ని మధ్య స్థానం వైపు లాగే బలం కావాలి. ఊపు వేగం పెరిగేకొద్దీ ఆ అవసరం వేగం వర్గం చొప్పున పెరుగుతుంది. స్ప్రింగు ఇచ్చే లాగుడు మాత్రం సాగిన దూరాన్ని బట్టే ఉంటుంది. నెమ్మదిగా ఆడించినప్పుడు స్ప్రింగు అవసరానికి మించి లాగుతుంది. మిగులును చేతి బలం ఎదుర్కోవాలి, కాబట్టి అది వస్తువు జరిగిన వైపే ఉంటుంది. వేగంగా ఆడిస్తే స్ప్రింగు లాగుడు చాలదు; కొరతను చేయి పూరించాలి, కాబట్టి అది ఎదురు దిక్కున ఉంటుంది. సరిగ్గా సహజ పౌనఃపున్యం దగ్గర కొరతా లేదు, మిగులూ లేదు. వస్తువును వెనక్కి తిప్పే పనంతా స్ప్రింగే చూసుకుంటుంది. చేతికి మిగిలేది నిరోధాన్ని రద్దు చేయడం ఒక్కటే.

నిరోధం వస్తువు వేగాన్ని బట్టి ఉంటుంది. దాన్ని ప్రతి క్షణమూ రద్దు చేయాలంటే చేతి బలం వేగంతో పాటే పెరగాలి, వేగంతో పాటే తగ్గాలి. వేగం గరిష్ఠమయ్యేది వస్తువు మధ్య స్థానాన్ని దాటేటప్పుడు. అక్కడి నుంచి చివరంచుకు చేరడానికి పావు ఊపు పడుతుంది. బలం గరిష్ఠమైన పావు ఊపు తర్వాత స్థానం గరిష్ఠమవుతుందన్నమాట. 2 హెర్ట్జ్ ఊపులో అది సెకనులో ఎనిమిదో వంతు. బలం ఎప్పుడూ కదలిక దిక్కునే ఉండటం వల్ల చేతి నుంచి ఊపుకు శక్తి ఏ క్షణమూ వెనక్కి రాకుండా చేరుతుంది.

అందుకే అనునాదాన్ని పట్టుకోవడానికి ఊపు పెద్దదవడం కన్నా దశ మంచి గుర్తు. ఊపు శిఖరం దగ్గర గ్రాఫు చదునుగా ఉండి ఆచూకీ ఇవ్వదు. పైగా నిరోధం వల్ల ఆ శిఖరం 2 కన్నా కాస్త కిందికి జరుగుతుంది. దశ రేఖ అక్కడే అన్నిటికన్నా నిటారుగా ఉంటుంది. అయితే పౌనఃపున్యాన్ని గబగబా మార్చుకుంటూ పోతే కొలత తప్పుతుంది. ఈ ఉదాహరణలో పాత ఊపు చాలావరకు అణగడానికే నాలుగైదు సెకన్లు పడుతుంది. ప్రతి అడుగులో అంతసేపు ఆగాలి.

టర్బైన్ షాఫ్టులో ఇదే పని చేస్తుంది. షాఫ్టులో ఒక వైపు కాస్త బరువెక్కువుంటే, తిరిగేటప్పుడు ఆ బరువే నడిపే బలమవుతుంది. అనునాదం వచ్చే వేగాన్ని క్రిటికల్ స్పీడ్ అంటారు. దాన్ని దాటి షాఫ్టు నడవదని 1869లో రాంకిన్ లెక్కగట్టారు. 1880ల చివర్లో స్వీడన్ ఇంజనీరు డి లావల్ వంగే సన్నని షాఫ్టుతో దాటించి చూపారు. 1919లో జెఫ్‌కాట్ రాసిన వ్యాసం అందులోని మర్మం విప్పింది: క్రిటికల్ స్పీడ్ దాటాక షాఫ్టు బరువు వైపుకు వ్యతిరేకంగా వంగుతుంది, గరిమనాభి తిరుగుడు అక్షానికి దగ్గరవుతుంది, అదురు తగ్గుతుంది.

పూర్వం మెకానిక్కులు తిరిగే షాఫ్టుకు సుద్దముక్క ఆనించేవారు. ఎక్కువ బయటికి వచ్చే వైపు గీత పడుతుంది. క్రిటికల్ స్పీడ్‌కు బాగా కిందైతే గీత ఉన్న చోటే బరువు; బాగా పైనైతే గీతకు సరిగ్గా ఎదుటి వైపు. క్రిటికల్ స్పీడ్ దగ్గరే అయితే బరువు గీతకు పావు చుట్టు ముందు, తిరిగే దిక్కున ఉంటుంది. వేగాన్ని గమనించకుండా గీతనే నమ్మి ఎదుటి వైపు సమతూకపు బరువు బిగిస్తే అదురు తగ్గకపోగా పెరగవచ్చు.