పే స్లిప్ చూశాకే పీపీఎఫ్, ఈఎల్ఎస్ఎస్

జనవరి వచ్చిందంటే కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ప్రతి ఆఫీసులోనూ పన్ను లెక్కల కాగితాలు తిరుగుతాయి. పోస్టాఫీసులో పీపీఎఫ్ కట్టాలా, మ్యూచువల్ ఫండ్ల ఈఎల్ఎస్ఎస్‌లో పెట్టాలా అన్న చర్చ అప్పుడే మొదలవుతుంది. ఒకరు ప్రభుత్వ భరోసా అంటారు, ఇంకొకరు షేర్ల రాబడి అంటారు. ఇద్దరూ పన్ను ఎంత మిగులుతుందన్న చోటే లెక్క మొదలుపెడతారు. నా దృష్టిలో పొరపాటు అక్కడే ఉంది. నెలనెలా పీఎఫ్ కోత పడే ఉద్యోగికి ఈ రెండింటిలో ఏదీ పన్ను రూపంలో రూపాయి కూడా మిగల్చకపోవచ్చు. అందుకే ముందు చూడాల్సింది పథకం కరపత్రం కాదు, పే స్లిప్.

గోదావరిఖనిలో సింగరేణి కార్మికుడు ఒకరిని ఊహించుకుందాం. వయసు నలభై ఒకటి, ఇంకా 20 ఏళ్ల సర్వీసు ఉంది. మూలవేతనం, కరువు భత్యం కలిపి నెలకు 90,000 రూపాయలు. మిగతా భత్యాలన్నీ కలిపితే ఏడాది జీతం 12.5 లక్షలు. బొగ్గు గనుల భవిష్యనిధి, అంటే సీఎంపీఎఫ్ కింద 12 శాతం చొప్పున నెలకు 10,800 రూపాయలు కోత పడుతుంది. ఏడాదికి అది 1,29,600. ఇన్నాళ్లూ అందరూ 80సీ అని పిలిచిన మినహాయింపు పరిమితి 1.5 లక్షలు. మిగిలిన 20,400 రూపాయలను ఒక ఎల్ఐసీ పాలసీ ప్రీమియమో, పిల్లల ట్యూషన్ ఫీజో నింపేస్తుంది. ఇక పాత పన్ను విధానంలోనే ఉన్నా, కొత్తగా కట్టే పీపీఎఫ్‌కు గానీ ఈఎల్ఎస్ఎస్‌కు గానీ అక్కడ చోటు లేదు. కొత్త విధానం ఎంచుకుంటే ఈ మినహాయింపే ఉండదు. 2025-26 నుంచి ఆ విధానంలో 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ పోగా 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను పడదు కాబట్టి, ఈయన జీతానికి కట్టాల్సిన పన్నూ లేదు. లేని పన్నును తప్పించుకోవడానికి డబ్బు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు అర్థమే లేదు.

పన్నును పక్కన పెట్టి చూస్తే రెండు పథకాల అసలు రూపం తేటపడుతుంది. పీపీఎఫ్‌కు కట్టినప్పటి మినహాయింపు పోయినా, వడ్డీ మీద పన్ను లేకపోవడమనే గుణం కొత్త విధానంలోనూ మిగిలే ఉంది. ఈఎల్ఎస్ఎస్ పరిస్థితి వేరు. అది షేర్లలో పెట్టే మామూలు ఫండే. కట్టిన ప్రతి వాయిదా మూడేళ్లు బయటికి రాదన్న షరతుకు బదులుగా మినహాయింపు ఇచ్చారు. మినహాయింపు పోయాక షరతు ఒక్కటే మిగిలింది. అలాంటప్పుడు అదే షేర్లను తక్కువ ఖర్చుతో, ఏ గడువూ లేకుండా పట్టుకునే ఇండెక్స్ ఫండ్ మేలు. మూడేళ్ల తాళమే మనిషిని తొందరపాటు అమ్మకం నుంచి కాపాడుతుందని కొందరంటారు. ఆ మాటలో కొంత నిజముంది. కానీ 2017 జనవరిలో పెట్టిన డబ్బుకు తాళం తీసింది 2020 జనవరిలో. అప్పుడు 42,000 దరిదాపుల్లో ఉన్న సెన్సెక్స్ మార్చి 23 నాటికి 26,000 కిందికి జారింది. భయం పుట్టే వేళకు తాళం తెరిచే ఉంది.

ఇప్పుడు ఆ కార్మికుడు నెలకు 5,000 చొప్పున 20 ఏళ్లు దాస్తాడనుకుందాం. మొత్తం 12 లక్షలు. పీపీఎఫ్ 15 ఏళ్ల గడువు తర్వాత ఐదేళ్లు పొడిగించి, ఇప్పటి 7.1 శాతమే సాగితే దాదాపు 25.8 లక్షలవుతుంది, దాని మీద పన్ను లేదు. షేర్ల ఫండ్ ఏటా 10 శాతం ఇస్తే 36 లక్షలవుతుంది. ఒకేసారి అమ్మితే 1.25 లక్షలకు మించిన లాభం మీద 12.5 శాతం పన్ను, సెస్సు పోను చేతికొచ్చేది 33 లక్షలు. 6 శాతమే ఇస్తే పన్ను పోను 21.5 లక్షలు మిగులుతుంది, అంటే పీపీఎఫ్ కంటే తక్కువ. రెండూ సమానం కావాలంటే ఫండ్ ఏటా సుమారు 8 శాతం తేవాలి. షేర్ల వాదులు ఈ 8 శాతం గీతను గుర్తుపెట్టుకోవాలి. దాన్ని దాటడానికి 20 ఏళ్ల వ్యవధిలో అవకాశం బాగానే ఉంది, హామీ మాత్రం లేదు.

హామీ కావాలంటే పీపీఎఫ్ ఉంది కదా అనవచ్చు. అసలుకు హామీ ఉంది, వడ్డీ రేటుకు లేదు. 2000 జనవరి దాకా 12 శాతం ఇచ్చిన ఖాతా 2003 మార్చికి 8 శాతానికి దిగింది. 2020 ఏప్రిల్ నుంచి 7.1 వద్ద ఉంది. ఇప్పుడు రేటును మూడు నెలలకోసారి ప్రకటిస్తారు, మారితే పాత ఖాతాకూ అదే వర్తిస్తుంది. పైగా సింగరేణి ఉద్యోగికి తన వాటా, కంపెనీ వాటా కలిసి నెలకు 21,600 సీఎంపీఎఫ్‌లో చేరుతోంది. పీపీఎఫ్ చేసే పనిని అది ఇప్పటికే నాలుగింతలు చేస్తోంది. దాని పక్కన మరో 5,000 అదే తరహాలో పేర్చడం కంటే, ధరలతో పాటు పెరిగే షేర్లలో పెట్టడమే సమంజసమని నా అభిప్రాయం. ఫండ్ సగానికి పడినా ఇంటి పొయ్యి ఆగదు, ఎందుకంటే పెద్ద మొత్తం పీఎఫ్‌లో భద్రంగా ఉంది.

ఇదే మాట కరీంనగర్‌లో పీఎఫ్ కోత లేని ప్రైవేటు బడి టీచరుకో, దుకాణంలో లెక్కలు రాసే గుమాస్తాకో చెప్పలేను. వాళ్లకు అడుగున బండరాయి లేదు, ముందు పీపీఎఫ్ వేసుకోవాలి. దానికి రాబడితో సంబంధం లేని కారణం ఇంకొకటుంది. మన ప్రాంతంలో చిట్టీ పాడుకున్న దోస్తుకు జమానతు సంతకం పెట్టడం మామూలు. ఆయన కట్టకపోతే కోర్టు నోటీసు సంతకం పెట్టినవాళ్లకు వస్తుంది. అప్పుల కోసం కోర్టు ఇచ్చే జప్తు ఉత్తర్వు పీపీఎఫ్ నిల్వను తాకలేదు. ఫండ్ యూనిట్లకు ఆ రక్షణ లేదు.

షేర్ల వైపు వెళ్లమన్నప్పుడు ఎదురయ్యే బలమైన అభ్యంతరం చివరి ఏళ్లది. 2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్స్ 2009 మార్చికి 8,200 దిగువన ఉంది. ఆ నెలలో పదవీ విరమణ చేసి కూతురి పెళ్లికి ఫండ్ అమ్మాల్సి వచ్చినవాళ్లకు సగటు రాబడి గురించి ఎంత చెప్పినా ఒరిగేదేమీ లేదు. దీనికి జవాబు పీపీఎఫ్‌లోనే ఉంది. కార్మికుడు ఇవాళే ఖాతా తెరిచి ఏడాదికి కనీసం 500 రూపాయలు కడుతూ పోతే 15 ఏళ్ల గడియారం నడుస్తూ ఉంటుంది. ఒక ఏడాది మరిచినా 50 రూపాయల జరిమానాతో ఖాతాను మళ్లీ నిలబెట్టుకోవచ్చు. సర్వీసు ఐదేళ్లు ఉందనగా ఖాతాను జమలు కొనసాగేలా పొడిగించుకోవాలి. గడువు తీరిన ఏడాదిలోపు ఆ దరఖాస్తు ఇవ్వకపోతే కొత్త జమలకు వడ్డీ రాదు. అప్పటి నుంచి ఏటా ఫండ్‌లో కొంత అమ్మి 1.5 లక్షల దాకా పీపీఎఫ్‌లోకి మార్చవచ్చు. కొద్దికొద్దిగా అమ్ముతాడు కాబట్టి ఏటా 1.25 లక్షల లాభానికి పన్నూ పడదు. వడ్డీని ఆ నెల 5వ తేదీ నుంచి నెలాఖరు దాకా ఉన్న కనీస నిల్వ మీద లెక్కిస్తారు. అందుకే ఆ డబ్బు ఏప్రిల్ 5లోపు ఖాతాలో పడాలి. ఫండ్ అమ్మిన సొమ్ము బ్యాంకుకు చేరడానికి రెండు మూడు పనిదినాలు పడుతుంది గనుక, అమ్మకం మార్చి చివరి వారంలోనే పెట్టుకోవాలి.