పది వేల మంది సైన్యం, పదహారు మిల్లీసెకన్లు

సెకనుకు 60 ఫ్రేములు చూపే ఆటలో ఒక్కో ఫ్రేముకు దొరికే వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకన్లు. తెర మీద 10,000 మంది సైనికులు నడుస్తుంటే ఆ వ్యవధి చాలదు. లోపం చాలాసార్లు లెక్కల్లో ఉండదు, డేటా కోసం సీపీయూ ఎదురుచూడడంలో ఉంటుంది.

మామూలు పద్ధతిలో ప్రతి సైనికుడూ ఒక ఆబ్జెక్ట్. అతడి స్థానం, వేగం, యానిమేషన్ సమయం మెమరీలో తలో మూలన ఉంటాయి. ప్రధాన మెమరీకి ఒకసారి వెళ్లిరావడానికి దాదాపు 100 నానోసెకన్లు పడుతుంది. ఒక్కో సైనికుడికి పదిసార్లు వెళ్లాల్సి వస్తే ఆ ఎదురుచూపులకే 10 మిల్లీసెకన్లు పోతాయి.

ఎంటిటీ కాంపొనెంట్ సిస్టమ్ ఈ అమరికనే మారుస్తుంది. ఇందులో సైనికుడంటే ఒక సంఖ్య మాత్రమే. ఒకే రకం కాంపొనెంట్లున్న ఎంటిటీలను యూనిటీ ఇంజిన్ 16 కిలోబైట్ల చంక్‌లలో సర్దుతుంది. చంక్ లోపల సమయాలన్నీ ఒక వరుసలో, వేగాలన్నీ మరో వరుసలో ఉంటాయి. యానిమేషన్‌ను ముందుకు నడిపే సిస్టమ్ పని ఇంతే:

```
for (int i = 0; i < n; i++)
    time[i] += speed[i] * dt;
```

సీపీయూ మెమరీ నుంచి సాధారణంగా 64 బైట్ల చొప్పున తెచ్చుకుంటుంది. ఒక్కో సమయం 4 బైట్లయితే ఒక్క రాకలో 16 మంది సమయాలు చేతికందుతాయి. వరుసగా చదువుతున్నారని గ్రహించి తర్వాతి భాగాన్ని ముందే తెచ్చిపెట్టుకుంటుంది కూడా.

అసలు బరువు ఎముకలది. ఒక్కో పాత్రకు 50 ఎముకలు, ఎముకకు 48 బైట్ల మాత్రిక అనుకుంటే, 10,000 మందికి ప్రతి ఫ్రేమూ 24 మెగాబైట్లు లెక్కగట్టి జీపీయూకు పంపాలి. దీనికి మంచి ఉపాయం, నడక, పరుగు, కత్తివేటు భంగిమలను ముందుగానే లెక్కించి ఒక టెక్స్చర్‌లో రాసిపెట్టడం. రెండు సెకన్ల నడకను సెకనుకు 30 భంగిమలుగా దాచినా అది 150 కిలోబైట్లు దాటదు. ఇక సీపీయూ పంపాల్సింది ఒక్కొక్కరి స్థానం, దిశ, క్లిప్ సంఖ్య, సమయం: 24 బైట్లు, అందరికీ కలిపి 240 కిలోబైట్లు. టెక్స్చర్ నుంచి భంగిమను చదువుకుని శరీరాన్ని వంచే పని జీపీయూదే. ఒకే మెష్ ఉన్నవాళ్లను ఇన్‌స్టాన్సింగ్‌తో గుంపుగా గీయవచ్చు.

ఈ ఉపాయానికి హద్దులున్నాయి. ముందే రాసిపెట్టిన భంగిమలో కాలు మెట్టు ఎత్తును బట్టి సర్దుకోదు. దెబ్బ తగిలిన శరీరం భౌతిక సూత్రాల ప్రకారం కూలదు. అందుకే కెమెరాకు దగ్గరి కొద్దిమందికి పూర్తి అస్థిపంజరాన్ని, దూరపు గుంపుకు టెక్స్చర్‌ను వాడడం మేలు.

తరచూ జరిగే తప్పు ఇంకొకటుంది. సైనికుడికి దెబ్బ తగిలినప్పుడల్లా ‘గాయపడ్డాడు’ అనే కాంపొనెంట్‌ను చేర్చి, తర్వాత తీసేస్తే, ప్రతిసారీ అతడి డేటా మొత్తం ఒక చంక్ నుంచి మరో చంక్‌కు కాపీ అవుతుంది. యుద్ధం ముదిరిన క్షణాల్లోనే ఫ్రేములు తడబడుతుంటే ముందు దీన్నే అనుమానించాలి. కాంపొనెంట్‌ను ఎప్పుడూ ఉంచి, ఆన్-ఆఫ్ గుర్తును మాత్రం మారిస్తే డేటా కదలదు. అయినా వేగం పెరగకపోతే తెర రిజల్యూషన్‌ను సగానికి తగ్గించి చూడాలి: ఫ్రేము సమయం బాగా తగ్గితే భారం పిక్సెళ్లు గీసే జీపీయూ మీద ఉన్నట్టు, మారకపోతే సీపీయూ, లేదా జీపీయూలోనే శరీరాలను వంచే దశ ఆలస్యానికి కారణం కావచ్చు. ఆ రెండింటిలో ఏదో ప్రొఫైలర్ చెబుతుంది.